రాష్ట్రం కాని ప్రాంతానికి ఇచ్చిన హామీ ఎక్కడ నిలుస్తుంది?

మా అన్నయ్య కూతురు గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతోంది. గత నెలలో రెండు ఆదివారాలు నల్లకుంటలోని మా ఇంటికి వచ్చి, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ మీద తనకున్న సందేహాలన్నీ నా ముందు పెట్టింది. ముప్పై ఏళ్లుగా సర్వీసు కేసులు వాదిస్తున్నవాడిని కాబట్టి స్థానికత, కేడరు, జోన్ల మాటలు నాకు రోజూ నోట్లో నానేవే. అయినా ఆమె వేసిన మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "తెలుగువాళ్లంతా ఒక్కటిగా ఉండాలనే కదా చిన్నాన్నా, 1956లో ఆంధ్ర, తెలంగాణలను కలిపింది? 2014లో విడిపోయారంటే భాషను బట్టి రాష్ట్రాలు చేయడమే తప్పని తేలినట్టు కాదా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకూ, దాని వెంట వచ్చిన మరో రెండు ప్రశ్నలకూ ఆమెకు చెప్పిన జవాబులను కాస్త కుదురుగా ఇక్కడ రాస్తున్నాను.

భాష సూత్రం తప్పు కాదని నా అభిప్రాయం. 1921లో ఇదే హైదరాబాదులో, వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోని వాళ్లు గేలి చేసి మాట్లాడనివ్వలేదు. నిజాం సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు సంస్థానపు రాజధానిలో దక్కిన మర్యాద అది. ఆ అవమానంలోంచే ఆంధ్రజనసంఘం పుట్టింది, అదే క్రమంగా ఆంధ్రమహాసభ అయింది. పాలన ఉర్దూలో, ఉన్నత చదువు ఉర్దూలో సాగిన చోట రైతుకు తన భూమి కాగితంలో ఏముందో ఇంకొకరు చదివి చెప్పాల్సి వచ్చేది. అలాంటి అనుభవం ఉన్నవాళ్లు తమ భాషకు ఒక రాష్ట్రం ఉండాలని కోరుకోవడంలో ఏ దోషమూ లేదు, ఆ కోరికను ఈనాటి కళ్లతో తక్కువ చేసి చూడడం న్యాయం కాదు.

అయితే ఒక భాష మాట్లాడేవాళ్లకు తమ భాషలో పాలన దొరకాలనడం వేరు, ఆ భాష మాట్లాడేవాళ్లంతా ఒకే రాష్ట్రంలో ఉండి తీరాలనడం వేరు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో భాష ఉండడం మంచిదే గాని ఒక్కో భాషకు ఒకే రాష్ట్రం ఉండాలన్న నియమమేమీ లేదని అంబేద్కర్ 1955లోనే వాదించారు. హిందీ విషయంలో దేశం ఆ తేడాను ఏనాడూ మరచిపోలేదు. హిందీ మాట్లాడే ప్రాంతాలన్నిటినీ కలిపి ఒకే రాష్ట్రం చేద్దామని ఎవరూ గట్టిగా అడగలేదు. తెలుగు, మరాఠీల దగ్గరికి వచ్చేసరికే ఆ రెండు మాటలూ ఒకటైపోయాయి.

ఫజల్ అలీ, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం.పణిక్కర్ సభ్యులుగా ఉన్న పునర్వ్యవస్థీకరణ సంఘం మాత్రం వాటిని కలిపేయలేదు. 1955 సెప్టెంబరు 30న ఇచ్చిన నివేదికలో ఆ సంఘం తెలంగాణ జిల్లాలనూ, బీదర్ జిల్లానూ కలిపి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచమంది. విశాలాంధ్ర వల్ల కలిగే లాభాలను అది కాదనలేదు. రెండు ప్రాంతాలకూ ఒకే ప్రణాళికతో కృష్ణా గోదావరి జలాలను వాడుకోవచ్చుననీ, రాజధాని లేక కర్నూలులో తాత్కాలికంగా సర్దుకుంటున్న ఆంధ్రకు సిద్ధంగా ఉన్న నగరం దొరుకుతుందనీ రాసింది. ఆ వెంటనే తెలంగాణ వాళ్ల భయాన్నీ రాసింది. చదువులో ముందున్న కోస్తా వాళ్లు ఉద్యోగాలన్నీ తీసుకుంటారన్న భయం, మిగులు ఆదాయం తమ ప్రాంతానికి దక్కదన్న భయం. అందుకని 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత, ఆ హైదరాబాద్ రాష్ట్రపు శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరుకుంటే అప్పుడు కలపమని సూచించింది.

ఈ సూచనలో రెండు వేర్వేరు రక్షణలున్నాయి. ఒకటి వ్యవధి: తెలంగాణ తన కాళ్ల మీద నిలబడి, తన పిల్లలను చదివించుకుని, ఆ తర్వాత నిర్ణయించుకోవడానికి దొరికే అయిదారేళ్లు. రెండోది అంతకంటే ముఖ్యమైనది. కలవాలా వద్దా అని తేల్చేది కలవబోయే చిన్న భాగపు సభే గాని, రెండూ కలిస్తే ఏర్పడే పెద్ద సభ కాదు. నివేదిక వచ్చిన పదమూడు నెలలకు, 1956 నవంబరు 1న, ఈ రెండు రక్షణలూ లేకుండానే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. వాటి స్థానంలో తెలంగాణకు దొరికింది 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం.

దాని మీద సంతకాలు చేసినవాళ్లు నిజంగా పెద్దవాళ్లే. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి.రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి.నర్సింగరావు. తెలంగాణ మిగులు తెలంగాణకే ఖర్చు కావాలి, కింది స్థాయి ఉద్యోగాలకు ఇక్కడ పన్నెండేళ్లు నివసించి ఉండాలి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి, ఇలా పాలనకు పనికొచ్చే మాటలే రాసుకున్నారు. కానీ మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. అడగడానికి ఏ కోర్టూ లేదు, ఎందుకంటే అది చట్టం కాదు.

"చట్టం చేసి ఉంటే సరిపోయేదా?" అన్నది ఆమె రెండో ప్రశ్న. తెలంగాణ చరిత్ర పుస్తకాల్లో చాలావాటిలో ఈ చోటు గబగబా దాటిపోతుంది గనుక ఇక్కడ కొంచెం ఆగుతాను.

చట్టం చేశారు. ఉద్యోగాలకు నివాసార్హత విధించే చట్టాన్ని పార్లమెంటు 1957లోనే తెచ్చింది, దాని కింద 1959లో నియమాలూ వచ్చాయి. తెలంగాణలోని కింది స్థాయి ఉద్యోగాలకు పదిహేనేళ్ల నివాసం ఉండాలన్నది అందులోని నియమం. మా నాన్నగారు జనగామ నుంచి వచ్చి నగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరింది ఆ రోజుల్లోనే. ఆయన స్థానికుడని చూపే ముల్కీ సర్టిఫికెట్టు ఇప్పటికీ మా ఇంట్లో రేకు పెట్టెలో ఉంది. పావు కాగితం మీద ఇంగ్లీషులో అచ్చయిన నమూనా, ఖాళీల్లో నీలి సిరాతో పేరు, తండ్రి పేరు, ఊరు, కింద తహశీల్దారు ఉర్దూ సంతకం, మూలన చెదిరిపోయిన గుండ్రటి ముద్ర. ఆ కాగితం ఆయనకు ఉద్యోగం ఇప్పించింది. అదే కార్యాలయంలో ఆయన పక్క కుర్చీలో కూర్చున్న మనిషి హైదరాబాదుకు వచ్చి మూడేళ్లయినా కాలేదు, ఆయన దగ్గరా అచ్చం అలాంటి కాగితమే ఉండేదట. మరికొన్ని ఖాళీలను "తగిన ముల్కీ అభ్యర్థులు దొరకలేదు" అని ఫైలులో ఒక వాక్యం రాసి నింపేసేవాళ్లని నాన్నగారు చెప్పేవారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా వినిపించేది.

1969 జనవరిలో విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చాక అన్ని పక్షాలూ కూర్చుని, రక్షణలను పూర్తిగా అమలు చేస్తామనీ, నియమాలకు విరుద్ధంగా చేరిన స్థానికేతరులను వెనక్కి పంపుతామనీ ఒప్పుకున్నాయి. ఆ నెలలోనే అందుకోసం జీవో 36 వచ్చింది. ఉద్యోగం కోల్పోయే పరిస్థితి వచ్చినవాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఎ.వి.ఎస్.నరసింహారావు కేసుగా మేం చెప్పుకునే ఆ వ్యాజ్యంలో 1969 మార్చి 28న తీర్పు వచ్చింది, తెలంగాణకు నివాసార్హత పెట్టిన సెక్షన్ చెల్లదని.

ఎందుకు చెల్లదో అర్థమైతే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది సగం అర్థమైనట్టే. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాల్లో నివాసాన్ని బట్టి వివక్ష చూపకూడదంటుంది. దానికి ఒక మినహాయింపు ఉంది: ఒక రాష్ట్రంలోని ఉద్యోగాలకు "ఆ రాష్ట్రంలో" నివాసం ఉండాలని పార్లమెంటు చట్టం చేయవచ్చు. కోర్టు ఆ మాటను ఉన్నది ఉన్నట్టు చదివింది. రాష్ట్రం అంటే రాష్ట్రమే గాని రాష్ట్రంలో ఒక భాగం కాదు. ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ నివాసార్హత పెట్టవచ్చు, తెలంగాణకు మాత్రం పెట్టకూడదు, ఎందుకంటే 1956 నవంబరు 1 నుంచి 16వ అధికరణం దృష్టిలో తెలంగాణ అనేది లేదు.

అంటే, ఏ విలీనానికి బదులుగా హామీ ఇచ్చారో ఆ విలీనమే హామీ నిలబడే నేలను తీసేసింది. హైదరాబాద్ విడి రాష్ట్రంగా ఉండి ఉంటే ఇదే పార్లమెంటు ఇదే చట్టాన్ని ఏ అభ్యంతరమూ లేకుండా చేయగలిగేది. ఆ న్యాయమూర్తులను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు, రాసి ఉన్నదాన్నే వాళ్లు చదివారు. నాకు బాధ కలిగించేది 1956లో ఒప్పందం రాసుకున్నవాళ్లలో న్యాయశాస్త్రం తెలిసినవాళ్లున్నా ఈ లోపాన్ని పూడ్చకుండా వదిలేయడం. తెలంగాణ శాసనసభ్యుల ప్రాంతీయ సంఘం కోసం 371వ అధికరణాన్ని మార్చిన చేత్తోనే 16వ అధికరణానికి నాలుగు మాటలు చేర్చి ఉండవచ్చు. 1969 ఉద్యమంలో చచ్చిపోయిన పిల్లలను తలచుకున్నప్పుడల్లా ఆ నాలుగు మాటలే నా మనసులో మెదులుతాయి.

తర్వాతి కథ దీనికి అద్దంలో బొమ్మ లాంటిది. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు మరో కేసులో, నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనలు రాజ్యాంగానికి ముందునుంచీ ఉన్న చట్టం గనుక 35వ అధికరణం కింద ఇంకా బతికే ఉన్నాయని చెప్పింది. పార్లమెంటు చేసిన చట్టం చెల్లలేదు, నిజాం ఫర్మానా చెల్లింది! ఇప్పుడు కోస్తా, రాయలసీమ యువకుల వంతు వచ్చింది. తమ రాష్ట్ర రాజధానిలో ఉద్యోగానికి దరఖాస్తు చేయాలన్నా పదిహేనేళ్లు అక్కడ ఉండాలంటే అది ఎవరి రాజధాని అని వాళ్లు అడిగారు. తెలంగాణవాడిగా ఆ ప్రశ్నకు నేను ఇప్పటికీ తల ఒగ్గుతాను, అందులో న్యాయం ఉంది. జై ఆంధ్ర ఉద్యమం రగిలి, పి.వి.నరసింహారావు ప్రభుత్వం దిగిపోయి, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఒక్కమాటలో చెప్పాలంటే, 1969లో ఒకవైపూ 1972లో రెండోవైపూ రోడ్డెక్కింది ఒకే భాష మాట్లాడే జనం, ఒకే నగరంలోని కుర్చీల కోసం. ఆ రెండు ఉద్యమాల్లోనూ భాష గొడవ లేదు.

ఆరు సూత్రాల పథకం, దాని వెంట 32వ సవరణ, 371-డి అధికరణం వచ్చినప్పుడు ఉద్యోగాల విషయంలో మొదటిసారిగా రాజ్యాంగం రాష్ట్రంలోని "వేర్వేరు భాగాలను" గుర్తించింది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విభజించాయి. అయిదు, ఆరు జోన్లు తెలంగాణవి. పదిహేనేళ్ల నివాసం పోయి, అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికుడన్న లెక్క వచ్చింది. ఇది మంచి లెక్క. తహశీల్దారు ముద్ర కన్నా బడి రిజిస్టరును తిరగరాయడం కష్టం, దాన్ని సరిచూడడం సులువు.

మరి అది కూడా ఎందుకు నిలవలేదు? సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు, హైదరాబాద్ నగర పోలీసు ఈ ఉత్తర్వుల పరిధిలోకి రాలేదు. అంటే పదోన్నతికీ, పలుకుబడికీ దారి తీసే కుర్చీలు, నగరపు లాఠీ, బయటే ఉండిపోయాయి. పరిధిలో ఉన్నచోట కూడా ఉల్లంఘనలు జరిగాయని ప్రభుత్వమే ఒప్పుకుంది. అయిదు, ఆరు జోన్లలో చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలని 1985 డిసెంబరులో వచ్చిన జీవో 610 అర్థం అదే. ఆ గడువు దాటి పదిహేనేళ్లయ్యాక, 2001లో, ఆ జీవో అమలును పరిశీలించడానికి గిర్‌గ్లానీ కమిషన్‌ను వేశారు. హామీ చచ్చిపోయిందని తెలుసుకోవడానికి ఇంతకన్నా గుర్తు అక్కరలేదు: దాన్ని అమలు చేయమని ఒక ఉత్తర్వు, ఆ ఉత్తర్వు అమలైందా అని చూడడానికి ఒక కమిషన్. ఉల్లంఘించేదీ, విచారించేదీ, దిద్దేదీ ఒకే ప్రభుత్వమైనప్పుడు, ఆ ప్రభుత్వంలో 294 స్థానాలకు 119కి మించి ఎన్నడూ లేని ప్రాంతం అడగడం తప్ప చేయగలిగింది తక్కువ. మినహాయింపుల్లో ఒకటైన నగర పోలీసు క్లాజు మీద 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతోనే హైదరాబాదు ఎవరికీ స్థానికం కాని ఫ్రీజోన్ అన్న మాట రాజుకుని, ఆ నవంబరు నాటికి మలివిడత ఉద్యమం పతాక స్థాయికి చేరింది.

మూడో ప్రశ్న ఢిల్లీ గురించి. "అసెంబ్లీ వద్దన్నా పార్లమెంటు రాష్ట్రాన్ని విడగొట్టగలిగితే మనది సమాఖ్య ఎలా అవుతుంది?" 2014 జనవరి 30న రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి. మూడో అధికరణం ప్రకారం రాష్ట్రపతి శాసనసభ అభిప్రాయాన్ని అడగాలి, అంతే. ఆ అభిప్రాయానికి గడువు పెట్టే అధికారాన్ని 1955లో అయిదో సవరణ ఇచ్చింది. బొంబాయి విషయంలో బిల్లును పార్లమెంటు పూర్తిగా మార్చేసి గుజరాత్, మహారాష్ట్రలను ఒకే రాష్ట్రంగా ఉంచినప్పుడు, మార్చిన బిల్లును మళ్లీ శాసనసభకు పంపనక్కరలేదని బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇది కేంద్రం చేతిలో పెద్ద అధికారమే. 2019లో జమ్మూకశ్మీర్ శాసనసభ రద్దయి ఉన్న సమయంలో ఆ రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చిన తీరు, ఇది ఎంత దూరం వెళ్లగలదో చూపించింది. అయినా శాసనసభ సమ్మతి తప్పనిసరి చేయాలనే వాదనతో నేను ఏకీభవించలేను, ఎందుకంటే ఆ నియమం ఉండి ఉంటే 119 మంది ఎప్పటికీ 175 మందిని ఒప్పించలేరు గనుక తెలంగాణ ఏనాటికీ వచ్చేది కాదు. పెద్ద భాగం చేతిలో చిన్న భాగాన్ని శాశ్వతంగా బందీ చేసే నియమాన్ని సమాఖ్య ధర్మమని నేను అనలేను.

నాకు కావలసింది ఫజల్ అలీ సంఘం హైదరాబాద్ కోసం రాసి, ఢిల్లీ పక్కన పెట్టిన నియమం. రెండు ప్రాంతాలను కలపాలంటే చిన్నదాని సభ్యులు మూడింట రెండు వంతుల మంది, ఒక ఎన్నిక గడిచాక, విడిగా ఓటు వేసి ఒప్పుకోవాలి. విడగొట్టాలంటే విడిపోయే ప్రాంతపు సభ్యులు అదే విధంగా ఓటు వేయాలి. మొత్తం సభ అభిప్రాయం చెప్పవచ్చు, అడ్డుపడకూడదు. కేంద్రం ఆ ఓటు లేకుండా ముందుకు వెళ్లకూడదు. విదర్భకు కూడా ఇదే న్యాయం. మరాఠీ మాట్లాడే ప్రాంతమే అయినా దాన్ని విడి రాష్ట్రంగా ఉంచమని ఫజల్ అలీ సంఘం చెప్పింది, 1953 నాటి నాగపూర్ ఒప్పందంలోని హామీలను నమ్మమని చెప్పి బొంబాయిలో కలిపారు. అక్కడి వాళ్లు ఇప్పటికీ ఆ హామీల లెక్క అడుగుతూనే ఉన్నారు.

మా అన్నయ్య కూతురు ఇదంతా విని, నాన్నగారి సర్టిఫికెట్టును ఫోనులో ఫొటో తీసుకుంటూ, "ప్రాంతం ఓటు వేయాలంటున్నావు సరే, ప్రాంతం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరు గీస్తారు?" అని అడిగింది. తెలంగాణకు ఈ ఇబ్బంది లేదు. 1956కు ముందు అది ఒక రాష్ట్రంలో భాగం, ఆ హద్దులు రెవెన్యూ రికార్డుల్లో ఉన్నాయి. విదర్భకూ పాత మధ్యప్రదేశ్ రాష్ట్రపు జిల్లాల హద్దులున్నాయి. రాయలసీమ అంటే పాత నాలుగు జిల్లాలా, నెల్లూరు, ప్రకాశం కలిసిన ఆరు జిల్లాలా అని అడిగితే, ఏ గీత గీస్తే ఆ ఓటు వస్తుంది. గీత గీసేవాడి చేతిలోనే ఫలితం ఉంటుంది. కాబట్టి ఇంతకు ముందు విడిగా పాలన సాగిన ప్రాంతాలకు మాత్రమే నా నియమాన్ని పరిమితం చేస్తున్నానని ఆమెతో చెప్పాను. మిగిలిన ప్రాంతాలకు ఏం చేయాలో నా దగ్గర ఇంకా జవాబు లేదు.